వడ్డీ రేటు మార్పు నోటీసును ఖాతాలో పడిన వడ్డీతో సరిచూసుకోవడం ఎలా?

2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును నాలుగు విడతలుగా 6.50 శాతం నుంచి 5.25 శాతానికి తగ్గించింది. ఆ వెంటనే బ్యాంకులు పొదుపు ఖాతాల మీద, డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీని తగ్గిస్తూ వరుసగా నోటీసులు ఇచ్చాయి. అప్పటి నుంచి నన్ను అడిగేవాళ్ళంతా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మొన్న ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకున్న నర్సంపేట వైపు రైతు ఒకాయన పాస్‌బుక్ చేతిలో పెట్టి, "సార్, పైసలు రెండు నెలలు ఖాతాల్నే ఉన్నయి, మిత్తి గింతేనా? బ్యాంకోళ్ళు రేటు తగ్గిచ్చిన్రట, తగ్గిచ్చినంతనే కోసిన్రా, ఇంకా ఎక్కువ కోసిన్రా?" అన్నాడు. ఆయన అడిగిన రెండో ప్రశ్నకు సమాధానం లెక్క కట్టి చెప్పవచ్చు. ఆ లెక్క ఎలా కట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

లెక్కలోకి దిగే ముందు తెలియవలసిన సంగతి ఒక్కటే. పొదుపు ఖాతాలో రేటు మారితే, ఆ మార్పు అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఖాతాలో అప్పటికే ఉన్న డబ్బుకు కూడా కొత్త రేటే వర్తిస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి వేరు. వేసిన రోజున ఖాయమైన రేటు గడువు తీరే దాకా మారదు. కొత్త రేటు ఆ తేదీ తర్వాత వేసే డిపాజిట్లకు, రెన్యువల్ అయ్యే డిపాజిట్లకు మాత్రమే వర్తిస్తుంది. రెపో రేటుతో పాటు మారే ఫ్లోటింగ్ రేటు డిపాజిట్ తీసుకున్నవారికి మాత్రం ఈ మాట వర్తించదు. నా దగ్గరికి వచ్చే అనుమానాలలో సగం ఈ తేడా తెలియక వచ్చినవే.

దగ్గర పెట్టుకోవలసినవి

- రేటు మార్పు నోటీసు. బ్యాంకు వెబ్‌సైట్‌లో కొత్త పట్టిక రాగానే పాతది కనిపించకుండా పోవచ్చు, కాబట్టి చూసిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. శాఖలో బోర్డు మీద అంటించినదైతే ఫొటో చాలు.
- మార్పుకు ముందున్న రేట్ల పట్టిక. ఇది లేకపోతే సగం లెక్క ఆగిపోతుంది. దొరకనివారు శాఖలో అడిగి తీసుకోవాలి.
- వడ్డీ జమ అయిన మూడు నెలల పూర్తి స్టేట్‌మెంట్. ప్రింట్ సరిగ్గా పడని పాస్‌బుక్ కంటే పీడీఎఫ్ స్టేట్‌మెంట్ మేలు.
- డిపాజిట్ ఉంటే పాత రసీదు, రెన్యువల్ తర్వాత ఇచ్చిన కొత్త రసీదు.
- ఫోన్‌లోని క్యాలిక్యులేటర్, లేదా ఎక్సెల్ వంటి లెక్కల పట్టిక.

1. నోటీసులో అమలు తేదీని, మీకు వర్తించే వరుసను గుర్తించండి

నోటీసు మీద రెండు తేదీలు ఉంటాయి. ఒకటి నోటీసు ఇచ్చిన తేదీ, రెండోది రేటు అమల్లోకి వచ్చే తేదీ. మీకు ఎస్సెమ్మెస్ వచ్చిన రోజు ఈ రెండూ కాకపోవచ్చు. లెక్కకు పనికొచ్చేది అమలు తేదీ ఒక్కటే, దాని చుట్టూ పెన్నుతో గీత గీయండి.

తర్వాత పట్టికలో మీ వరుస. డిపాజిట్ల పట్టికలో 3 కోట్ల లోపు మొత్తాలకు, అంతకు పైబడిన వాటికి వేర్వేరు రేట్లు ఉంటాయి. మనకు కావలసింది మొదటిది. అందులో మళ్ళీ సాధారణ ఖాతాదారులకు ఒక గడి, 60 ఏళ్ళు నిండిన వారికి ఒక గడి ఉంటాయి. పెద్దవారి గడిలోని అంకె చూసుకొని తమకు అర శాతం తక్కువ ఇచ్చారని బ్యాంకు మీదికి వెళ్ళినవారిని నేను చూశాను. కాలపరిమితి వరుసను కూడా జాగ్రత్తగా చదవాలి. "1 సంవత్సరం నుంచి 2 సంవత్సరాల లోపు" అని ఉంటే 364 రోజుల డిపాజిట్ ఆ వరుసలోకి రాదు.

పొదుపు ఖాతాలో లక్ష రూపాయల వరకు ఉన్న నిల్వకు బ్యాంకు అందరికీ ఒకే రేటు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. లక్ష దాటిన తర్వాత వేరే రేటు పెట్టుకునే స్వేచ్ఛ బ్యాంకుకు ఉంది. మీ బ్యాంకులో అలాంటి అంచెలు ఉంటే, పై రేటు మొత్తం నిల్వకు వర్తిస్తుందా, లేక అంచె దాటిన భాగానికే వర్తిస్తుందా అన్నది నోటీసు కింది చిన్న అక్షరాలలో ఉంటుంది. అది చదవకుండా లెక్క మొదలు పెట్టకండి.

2. వడ్డీ ఏ రోజు నుంచి ఏ రోజు వరకు వేశారో చూడండి

పొదుపు వడ్డీని కనీసం మూడు నెలలకు ఒకసారి జమ చేయాలి. ఆ మూడు నెలలు అన్ని బ్యాంకుల్లో ఒకే తేదీకి ముగియవు. కొన్ని నెలాఖరుకు వేస్తాయి, కొన్ని 25వ తేదీన వేస్తాయి. స్టేట్‌మెంట్‌లో వడ్డీ జమ అయిన వరుసలో `Int.Pd` అనో మరో మాటతోనో రెండు తేదీలు ఉంటే అవే మీ హద్దులు. అక్కడ తేదీలు లేకపోతే, గతసారి వడ్డీ పడిన తేదీని చూసి కాలాన్ని అంచనా వేసుకొని, శాఖలో అడిగి ఖాయం చేసుకోండి.

3. రోజువారీ ముగింపు నిల్వలను వరుసలుగా రాయండి

2010 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో పొదుపు వడ్డీని రోజువారీ నిల్వ మీద లెక్కిస్తున్నారు. అంతకు ముందు నెలలో 10వ తేదీ నుంచి చివరి రోజు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద ఇచ్చేవారు. ఆ పాత లెక్కే నేటికీ పట్టుకొని కూర్చున్న పెద్దమనుషులు మా హన్మకొండలో చాలామంది ఉన్నారు.

ప్రతి రోజుకు ఒక వరుస అక్కర్లేదు. నిల్వ మారని రోజులన్నీ కలిపి ఒక వరుస. ఒకే రోజు నాలుగు లావాదేవీలు జరిగితే ఆ రోజు చివరి నిల్వనే తీసుకోవాలి. ముఖ్యంగా చేయవలసిందేమిటంటే, నిల్వ మారకపోయినా సరే, రేటు మారిన తేదీ దగ్గర వరుసను రెండుగా విడగొట్టాలి.

ఒక ఖాతాను తీసుకొని చేద్దాం. అంకెలు, రేట్లు ఉదాహరణకు పెట్టినవే. వడ్డీ కాలం 2025 ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు, అంటే 91 రోజులు. నోటీసు ప్రకారం జూన్ 15 నుంచి పొదుపు రేటు 2.70 శాతం నుంచి 2.50 శాతానికి తగ్గింది. ఖాతాలో మొదట 40,000 ఉంది. ఏప్రిల్ 22న మిర్చి డబ్బు 1,85,000 పడింది. జూన్ 2న విత్తనాలకు, ఎరువులకు 75,000 తీశారు.

| ఎప్పటి నుంచి | ఎప్పటి వరకు | రోజులు | నిల్వ | రేటు |
|---|---|---|---|---|
| ఏప్రిల్ 1 | ఏప్రిల్ 21 | 21 | 40,000 | 2.70 |
| ఏప్రిల్ 22 | జూన్ 1 | 41 | 2,25,000 | 2.70 |
| జూన్ 2 | జూన్ 14 | 13 | 1,50,000 | 2.70 |
| జూన్ 15 | జూన్ 30 | 16 | 1,50,000 | 2.50 |

చివరి రెండు వరుసల్లో నిల్వ ఒక్కటే అయినా రేటు కోసం విడగొట్టిన సంగతి గమనించండి.

హెచ్చరిక: చెక్కు వేసినవారు తేదీ విషయంలో జాగ్రత్త పడాలి. చెక్కు స్టేట్‌మెంట్‌లో కనబడిన రోజు ఒకటి, డబ్బు నిజంగా చేతికొచ్చినట్టు లెక్కించే రోజు ఇంకొకటి కావచ్చు. స్టేట్‌మెంట్‌లో `Value Date` అనే గడి ఉంటే దానినే తీసుకోండి.

4. వడ్డీ కట్టండి

క్యాలిక్యులేటర్‌తో చేసేవారు ప్రతి వరుసలో నిల్వను రోజులతో గుణించి, ఒకే రేటు ఉన్న వరుసలను కూడాలి. 2.70 శాతం కింద మూడు వరుసలకు 8,40,000, 92,25,000, 19,50,000 వస్తాయి, మొత్తం 1,20,15,000. దీన్ని 2.70తో గుణించి 36,500తో భాగిస్తే 888.78 రూపాయలు. 2.50 శాతం కింద ఉన్న ఒక్క వరుసకు 24,00,000 వస్తుంది. దానికి వడ్డీ 164.38. రెండూ కలిపితే 1,053.16, అంటే ఖాతాలో 1,053 రూపాయలు పడాలి.

లెక్కల పట్టికలో చేసేవారు A గడిలో మొదటి తేదీ, Bలో చివరి తేదీ, Cలో నిల్వ, Dలో రేటు రాసి, E గడిలో ఈ సూత్రం పెట్టుకోవచ్చు:

```
=C2*(B2-A2+1)*D2/36500
```

ఇందులోని `+1`ని మరచిపోకండి. మొదటిసారి నేను మరచిపోయాను. అది లేకపోతే ప్రతి వరుసలో ఒక రోజు జారిపోయి, పై ఉదాహరణలో 91 రోజులకు బదులు 87 రోజులే లెక్కకు వస్తాయి, వడ్డీ 1,012 అని తేలుతుంది. నాకు అలాగే తేలితే, బ్యాంకు ఎక్కువ వేసిందేమోనని నిజాయితీగా శాఖకు వెళ్ళి చెప్పాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా కాగితం చూసి, "అంకుల్, రోజులు కూడి చూసిండ్రా?" అని మాత్రం అడిగింది. అప్పటి నుంచి రోజుల గడిని ముందు కూడి, అది వడ్డీ కాలానికి సరిపోయిన తర్వాతే రూపాయల వైపు చూస్తున్నాను.

5. తప్పు రేట్లతో కూడా ఒకసారి లెక్క వేయండి

చాలామంది సరైన లెక్క ఒక్కటి వేసి, బ్యాంకు అంకెతో కలవకపోతే అక్కడే ఆగిపోతారు. ఎందుకు కలవలేదో తెలియాలంటే ఇంకో రెండు లెక్కలు వేయాలి. కొత్త రేటును మొత్తం 91 రోజులకు వేస్తే ఎంత? పాత రేటునే చివరి దాకా వేస్తే ఎంత? మన ఖాతాలో మొదటిదానికి 987 రూపాయలు, రెండోదానికి 1,066 రూపాయలు వస్తాయి.

ఇప్పుడు స్టేట్‌మెంట్ చూడండి. 1,053 ఉంటే సరిపోయింది. 987 ఉంటే కొత్త రేటును వెనక్కి, ఏప్రిల్ నుంచే పట్టించారన్న మాట. మీకు 66 రూపాయలు రావాలి. 1,066 ఉంటే కొత్త రేటు మీ ఖాతాకు ఇంకా ఎక్కలేదు. బ్యాంకు తర్వాత ఆ 13 రూపాయలు వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు కంగారు పడవద్దు.

ఈ మూడింటిలో ఏదీ కాకపోతే తేడాను ఒక రోజు వడ్డీతో భాగించండి. మన ఖాతాలో చివరి నిల్వ 1,50,000కు 2.50 శాతం చొప్పున రోజు వడ్డీ 10.27 రూపాయలు. తేడా 51 రూపాయలు వచ్చిందనుకోండి, అది దాదాపు అయిదు రోజుల వడ్డీ. అంటే రేటులో తప్పు లేదు, వడ్డీ కాలం హద్దులను మీరు అయిదు రోజులు అటూ ఇటూ తీసుకున్నారు. 2వ మెట్టుకు తిరిగి వెళ్ళండి. భాగిస్తే పూర్ణ సంఖ్యకు దగ్గరగా రాకపోతే రేటునో, ఏదో ఒక రోజు నిల్వనో అనుమానించాలి.

రూపాయి, రెండు రూపాయల తేడాను వదిలేయండి. చాలా బ్యాంకులు వడ్డీని దగ్గరి రూపాయికి సవరిస్తాయి. అమలు తేదీని ఒక రోజు అటూ ఇటూ తీసుకున్నా ఈ ఖాతాలో మారేది 82 పైసలే.

6. డిపాజిట్ అయితే రెన్యువల్ తేదీని పట్టుకోండి

గడువు మధ్యలో ఉన్న డిపాజిట్‌కు చేయవలసిన పని చిన్నది. రసీదు మీద ఉన్న రేటుతో చివరికి వచ్చే మొత్తం కట్టి, రసీదు మీది మొత్తంతో పోల్చండి. మధ్యలో ఎన్ని నోటీసులు వచ్చినా ఆ అంకె మారకూడదు. 2024 జూన్ 10న 2,00,000 రూపాయలు ఏడాదికి 6.80 శాతం చొప్పున, మూడు నెలలకోసారి అసలులో వడ్డీ కలిసే పద్ధతిలో వేశారనుకుందాం:

```
=200000*(1+6.80/400)^4
```

2,13,951 రూపాయలు వస్తుంది. సూత్రంలోని 4 అంటే నాలుగు త్రైమాసికాలు. రెండేళ్ళ డిపాజిట్‌కు 8 వేయాలి. ఏడాదికి ఈ లెక్కన పెరుగుదల 6.98 శాతం అవుతుంది. కొన్ని కాగితాల మీద ఈ అంకెను కూడా పెద్ద అక్షరాలలో వేస్తారు. అది రాబడి, రేటు కాదు. దానిని 6.80 ఉండవలసిన చోట పెడితే లెక్క ఎప్పటికీ కలవదు. ప్రతి నెలా వడ్డీ చేతికి తీసుకునేవారు ఈ సూత్రం వాడకూడదు. నెలవారీగా ఇచ్చేటప్పుడు వడ్డీని కాస్త తగ్గించి ఇస్తారు, అది సక్రమమే.

తప్పు జరిగితే ఎక్కువగా జరిగేది రెన్యువల్ దగ్గర. ఇదే డిపాజిట్‌కు ఆటో రెన్యువల్ పెట్టి ఉందనుకుందాం. గడువు 2025 జూన్ 10. ఆ రోజున ఏడాది రేటు 6.70. జూన్ 15 నుంచి 6.45కు తగ్గిస్తూ నోటీసు వచ్చింది. మీరు జూన్ 18న శాఖకు వెళ్ళి కొత్త రసీదు తీసుకున్నారు. రసీదు ఏ రోజు చేతికొచ్చినా, ఆటో రెన్యువల్ జరిగింది జూన్ 10న కాబట్టి దాని మీద 6.70 ఉండాలి, ప్రారంభ తేదీ జూన్ 10 ఉండాలి. 2,13,951 రూపాయలకు మరో ఏడాదిలో 6.70 చొప్పున 2,28,650, 6.45 చొప్పున 2,28,088 వస్తుంది. తేడా 562 రూపాయలు. ప్రారంభ తేదీ జూన్ 18 అని ఉంటే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: మధ్యలో ఎనిమిది రోజులకు వడ్డీ ఏది?

ఆటో రెన్యువల్ పెట్టకుండా గడువు దాటనిచ్చిన డిపాజిట్‌కు మాత్రం ఈ వాదన పనిచేయదు. 2021 జూలైలో రిజర్వు బ్యాంకు తెచ్చిన నియమం ప్రకారం, గడువు దాటి బ్యాంకులో ఉండిపోయిన డబ్బుకు పొదుపు ఖాతా రేటు, డిపాజిట్ మీద ఒప్పుకున్న రేటు, ఈ రెండింటిలో తక్కువది వస్తుంది. 6.80 వస్తుందనుకున్న చోట 2.50 కనిపిస్తే తప్పు బ్యాంకుది కాదు, పాత రసీదులో "గడువు తీరాక ఏం చేయాలి" అన్న గడి ఖాళీగా ఉందేమో చూసుకోండి.

444 రోజుల వంటి ప్రత్యేక పథకాలలో ఇంకో చిక్కు ఉంది. గడువు తీరే నాటికి ఆ పథకం మూతపడి ఉంటే రెన్యువల్‌కు మామూలు పట్టికలోని రేటే వేస్తారు.

7. టీడీఎస్‌ను రేటు తగ్గింపు అనుకోకండి

డిపాజిట్ వడ్డీ అంచనా కంటే సరిగ్గా పదో వంతు తక్కువ పడితే, అది రేటు మార్పు కాదు, బ్యాంకు వడ్డీలోంచి ముందే పట్టుకొని ఆదాయపు పన్ను కింద కట్టే 10 శాతం టీడీఎస్. 2025–26 ఆర్థిక సంవత్సరంలో ఒక బ్యాంకులో మీ డిపాజిట్లన్నిటి మీద వడ్డీ కలిపి 50,000 దాటితే, 60 ఏళ్ళు నిండినవారికి లక్ష దాటితే, కోత మొదలవుతుంది. పాన్ ఇవ్వనివారికి కోత ఇంకా ఎక్కువ. వరంగల్ శాఖలో ఒకటి, కాజీపేట శాఖలో ఒకటి వేసినా బ్యాంకు రెండింటినీ కలిపే చూస్తుంది. వడ్డీ అసలులో కలిసే డిపాజిట్‌లో ఈ కోత పడితే చివరి మొత్తం రసీదు మీది అంకె కంటే తగ్గుతుంది. కాబట్టి ఎప్పుడూ కోతకు ముందు వడ్డీనే మీ లెక్కతో పోల్చండి. పొదుపు ఖాతా వడ్డీ మీద టీడీఎస్ ఉండదు. అక్కడ తగ్గితే కారణం ఇంకేదో ఉంది.

8. తేడా నిలిస్తే రాతపూర్వకంగా అడగండి

కౌంటర్ దగ్గర నోటిమాటగా అడిగితే "సిస్టం వేసింది" అన్న జవాబు వస్తుంది. నాలుగు వరుసల కాగితం ఇస్తే ఎవరో ఒకరు కూర్చొని చూస్తారు. మేనేజరు పేరిట ఇలా రాయవచ్చు:

"నా పొదుపు ఖాతాలో 2025 ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు 987 రూపాయల వడ్డీ జమ అయింది. మీ నోటీసు ప్రకారం 2.50 శాతం రేటు జూన్ 15 నుంచి అమలు కావాలి. నా లెక్క ప్రకారం జూన్ 14 వరకు 2.70 శాతం చొప్పున 888.78, ఆ తర్వాత 164.38, మొత్తం 1,053 రూపాయలు రావాలి. ఏప్రిల్ 1 నుంచే 2.50 శాతం వేస్తే 987 వస్తుంది. దయచేసి పరిశీలించి, తేడా 66 రూపాయలు జమ చేయగలరు, లేదా మీ లెక్క వివరాలు ఇవ్వగలరు."

దీనికి పట్టికను, నోటీసు స్క్రీన్‌షాట్‌ను జత చేసి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద శాఖ ముద్ర, తేదీ వేయించుకోండి. ఈమెయిల్‌లో పంపితే ఫిర్యాదు సంఖ్య అడగండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా `cms.rbi.org.in` లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, రుసుము ఉండదు. ఊళ్ళోని ప్రాథమిక సహకార సంఘంలో పెట్టిన డిపాజిట్‌కు ఈ దారి లేదు, అవి రిజర్వు బ్యాంకు కిందికి రావు.

బ్యాంకు తప్పు ఒప్పుకొంటే తేడా మొత్తం స్టేట్‌మెంట్‌లో వేరే వరుసగా పడుతుంది. అది పడిన తర్వాత సెప్టెంబరు త్రైమాసికానికి ఇంకోసారి లెక్క వేయండి. ఆ మూడు నెలలు మొత్తం ఒకే రేటు కాబట్టి నిల్వ మారినంత మేరకే వరుసలు వస్తాయి, పావుగంట పని.